పద్యం అంటే భయమా? – ముగ్గురు కవులు, మూడు పుస్తకాలు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



భూపాలపల్లిలో బొగ్గుగనుల కాలనీలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది. బి.కాం. చదివింది. నవలలు, కథలు చేతికి దొరికితే వదిలిపెట్టదు. ఇంట్లో ఆమె అత్తగారికి చూపు మందగించింది. ఆ పెద్దావిడ చిన్నప్పటినుంచీ భాగవతం విని పెరిగిన మనిషి. ఒకనాడు పాత పుస్తకం కోడలి చేతికిచ్చి, "గజేంద్ర మోక్షం జర చదువు బిడ్డా, వింట" అన్నదట. ఈవిడ నాలుగు పాదాలు చదివేసరికి గొంతు తడారిపోయింది. ఎక్కడ ఆపాలో తెలియదు, ఏమి చదువుతున్నదో తెలియదు. "అత్తమ్మా, పొయ్యి మీద పాలున్నయి" అని లేచి వచ్చేసింది. ఆ తరువాత వారం రోజులు ఏదో ఒక సాకు.

ఆమె నాతో ఈ సంగతి చెప్పి, "అక్కా, ఇంత చదువుకుని ఒక్క పద్యం చదవలేకపోయిన, సిగ్గేస్తున్నది" అంది. అప్పుడు మేమిద్దరం కలిసి చేసిన ప్రయత్నమే ఇవాళ మీతో చెప్పబోతున్నాను. మనకు పుస్తకాల కోసం దూరం పోనవసరం లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేరు వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు అన్నీ వరంగల్లు జిల్లాలోవే. ఆ పాత జిల్లాలోనే, మొదటి మెట్టు నుంచి పై మెట్టు దాకా మనల్ని చేయి పట్టుకుని నడిపించే ముగ్గురు కవులున్నారు.

ముందు ఒక పొరపాటు సంగతి చెప్పాలి. కవిత్వం చదవాలని బుద్ధి పుట్టగానే మనం చేసే పని ఏమిటి? పేరున్న పెద్ద పుస్తకం తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి నవల చదివినట్టు చదువుకుపోతాం. పది పేజీలు అయ్యేసరికి అన్నీ కలగాపులగమై, ఒక్కటీ గుర్తుండదు. తప్పు మన తెలివిలో లేదు. నవలలో ఒక పేజీ తరువాతి పేజీకి దారి తీస్తుంది. కవితా సంపుటిలో ఏ ముక్కకా ముక్క పూర్తయి ఉంటుంది. పండుగ పిండివంటలన్నీ ఒకే కూర్చున్న చోట తింటే దేని రుచీ తెలియనట్టు, కవితలు వరసపెట్టి చదివితే దేని రుచీ నాలుకకు అంటదు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. అంతే.

ఇక మొదటి పుస్తకం. మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యగారి పేరు అందరూ విన్నదే. నిజాం పాలన మీద తిరగబడి జైలుకు వెళ్ళిన కవి. ఆయనవి 'అగ్నిధార', 'రుద్రవీణ' ముందు వచ్చాయి. కాని కొత్తవారికి నేను చేతికిచ్చేది అవి కావు. 1961లో వచ్చిన 'గాలిబ్ గీతాలు'. ఉర్దూ మహాకవి గాలిబ్ షేర్లను తెలుగు చేసిన పుస్తకం. ఒక్కొక్క గీతం చాలా చిన్నది. కుక్కరు మూడు కూతలు వేసేలోపు ఒకటి రెండుసార్లు చదువుకోవచ్చు.

చిన్నదని గబగబా చదివితే లాభం లేదు. షేర్ అన్నదానికి రెండు సగాలుంటాయి. మొదటి సగం ఒక మాట చెప్పి ఆగుతుంది. రెండో సగం ఆ మాటను ఎక్కడికో తిప్పుతుంది. ముషాయిరాలలో కవి మొదటి పంక్తిని రెండుసార్లు చదివి ఊరిస్తాడు, వినేవాళ్ళు తరువాత ఏం రాబోతోందో అని ఎదురు చూస్తారు. ఇంట్లో మనకు ముషాయిరా లేదు కాబట్టి ఆ పని మనమే చేయాలి. మొదటి సగం చదివి, కింది పంక్తిని అరచేత్తో మూసిపెట్టండి. "దీని తరువాత నేనైతే ఏమంటాను?" అనుకోండి. ఆ తరువాత చెయ్యి తీయండి.

ఒక గీతం సంగతి చూద్దాం. దాని మొదటి సగం భావం ఇంతే – ఏ పనీ అంత తేలిగ్గా సాధ్యం కాదని. ఇది మనం రోజూ వంటింట్లో అనుకునే మాటే. ఇందులో కవిత్వమేముంది అనిపిస్తుంది. చెయ్యి తీస్తే రెండో సగంలో, మనిషి మనిషి కావడం కూడా కష్టమేనన్న భావం కనిపిస్తుంది. మనిషి మనిషి కావడమేమిటి, పుట్టడమే మనిషిగా పుట్టాడు కదా! అక్కడ ఆగాలి. ఒకే మాట రెండుసార్లు వచ్చిందంటే, రెండు చోట్లా ఒకే అర్థం కాదేమోనని అనుమానించాలి. మొదటి మనిషి రెండు కాళ్ళ మీద నడిచేవాడు. రెండో మనిషి మనిషితనం ఉన్నవాడు. ఉర్దూలో గాలిబ్ ఇందుకు ఆద్మీ, ఇన్సాన్ అని రెండు వేరు వేరు మాటలు వాడారు. దాశరథిగారు తెలుగులో నరుడు అన్న ఒక్క మాటతోనే రెండు పనులూ చేయించారు. ఇది పట్టుకున్నాక మొదటి సగం మళ్ళీ చదవండి. ఇందాక మామూలుగా ఉన్న మాటే ఇప్పుడు బరువెక్కి కనిపిస్తుంది. వెనక్కి వెళ్ళి చదివినప్పుడు మొదటి పంక్తి మారినట్టు అనిపిస్తే, ఆ కవిత మీకు అందినట్టే. అనిపించకపోతే బాధపడకండి. పేజీ తిప్పి ఇంకొకటి చూడండి. గాలిబ్‌లో ప్రేమ గురించీ, మధుపాత్ర గురించీ చెప్పేవి చాలా ఉంటాయి. అందులో కొన్ని మనకు అంటవు. అంటనివి వదిలేయడం తప్పు కాదు.

నా స్నేహితురాలు మొదటి డ్యూటీకి ఆయన వెళ్ళాక, పిల్లలు బడికి వెళ్ళాక, రోజుకు ఒకటి చొప్పున పదిహేను చదివింది. అందులో ఆరు నచ్చాయి అంది. పదిహేనింటికి ఆరు అంటే మంచి లెక్కే.

రెండో పుస్తకం కాళోజీ నారాయణరావుగారి 'నా గొడవ'. 1953లో మొదటి సంపుటి వచ్చింది. ఆ తరువాత అదే పేరుతో ఆయన కవితలు వస్తూనే ఉన్నాయి. కాళోజీ వరంగల్లు మనిషి. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ పుస్తకాన్ని రెండో మెట్టు అనడానికి కారణం ఉంది. గాలిబ్ గీతాలలో మనం ఆగడం నేర్చుకున్నాం. 'నా గొడవ'లో గొంతు విప్పడం నేర్చుకుంటాం. ఇందులో ఉన్నది మన ఇళ్ళలో, బజారులో మాట్లాడే మాటే. కోపం వస్తే కోపంగా, వెటకారం వస్తే వెటకారంగా ఉంటుంది. కళ్ళతో చదివితే సగమే తెలుస్తుంది. పైకి చదివితే, ఎవరిని ఎవరు నిలదీస్తున్నారో గొంతే చెబుతుంది. చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి – ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? జవాబు దొరికితే గొంతు దానంతట అదే సర్దుకుంటుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. కాళోజీ చాలా కవితలు ఆనాటి సంఘటనల మీద, నిజాం రోజుల మీద, ఎన్నికల మీద, నాయకుల మీద రాశారు. ఆ సంగతి తెలియకపోతే కవిత ఎందుకంత ఉడుకుతోందో అర్థం కాదు. అలాంటివి ఎదురైనప్పుడు కవిత్వం నాకు రాదని పుస్తకం మూసేయకండి. తెలియనిది కవిత్వం కాదు, ఆ సంఘటన. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, లేదా అది దాటి ముందుకు వెళ్ళండి.

ఇప్పుడు మూడో మెట్టు, మా స్నేహితురాలు భయపడి లేచి వచ్చిన చోటు. జనగామ జిల్లా పాలకుర్తి దగ్గర బమ్మెర అనే ఊరుంది. పోతనగారి ఇంటిపేరే బమ్మెర. ఆయన భాగవతంలో ఎనిమిదో స్కంధంలో గజేంద్ర మోక్షం వస్తుంది. మొత్తం భాగవతం ఎత్తుకోకండి. ఈ ఒక్క కథ చాలు. కథ మనకు ముందే తెలుసు – మడుగులో మొసలి ఏనుగు కాలు పట్టుకుంది, ఏనుగు పోరాడి పోరాడి అలసిపోయింది, చివరకు దేవుణ్ణి పిలిచింది. కథ తెలిసి ఉండడం పద్యం చదవడానికి పెద్ద సాయం. తాత్పర్యం ఉన్న ప్రతి తెచ్చుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యంతో వేశారు. జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి. కాని తాత్పర్యం మీద ముందు ఒక కాగితం కప్పండి. మొదటే అది చదివితే పద్యం చదవాలని అనిపించదు.

ఏనుగు తన బలమంతా పోయిందని దేవుడితో మొరపెట్టుకునే పద్యం ఒకటి ఉంది. మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. అది శార్దూల పద్యం. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. చూడడానికి ఒక గోడలా ఉంటుంది. ఈ గోడను ఇటుక ఇటుకగా విడదీసే పద్ధతి ఇది.

పెన్సిలు తీసుకోండి. అర్థం సంగతి తరువాత. ముందు క్రియలు వెతకండి. అంటే వచ్చింది, పోయింది, లేదు, రావా, కాపాడు వంటి మాటలు. ఒక్కొక్క క్రియ దగ్గరా చిన్న గీత గీయండి. ఈ పద్యంలో అలా గీస్తే పదకొండు ముక్కలు వస్తాయి. మొదటి రెండు పాదాలలో ఆరు చిన్న చిన్న వాక్యాలు – బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సింది, శ్రమగా ఉంది. మూడో పాదంలో రెండు – నువ్వు తప్ప వేరెవ్వరూ తెలియరు, ఈ దీనుణ్ణి మన్నించు. చివరి పాదంలో మూడు పిలుపులు, ఒక్కొక్క పిలుపుకు ఒక్కొక్క పేరు. 76 అక్షరాలలో పదకొండు వాక్యాలు! సగటున ఏడు అక్షరాలకు ఒకటి. ఎందుకంత పొట్టివి? మునిగిపోతున్న ప్రాణి పొడుగు వాక్యాలు మాట్లాడలేదు. ఇది ఎవరో పండితుడు చెప్పనక్కరలేదు, మీ పెన్సిలు గీతలే చెబుతాయి.

ఇప్పుడు మన స్నేహితురాలు ఎక్కడ తప్పు చేసిందో చూద్దాం. ఆమె బడిలో నేర్పినట్టు పాదం చివర ఆగింది. మొదటి పాదం చివరి మాట ప్రాణాలు. ఆ ప్రాణాలకు ఏమైందో రెండో పాదం మొదట్లో ఉంది. పాదం చివర ఆగితే ప్రాణాలు గాలిలో వేలాడుతూ ఉండిపోతాయి, రెండో పాదం మొదలు అర్థం కాదు. పద్యంలో పంక్తి ముగిసిన చోట వాక్యం ముగియాలని లేదు. మీరు గీసిన గీత దగ్గర ఆగండి, అచ్చులో పంక్తి విరిగిన చోట కాదు.

అలాగే యతి. శార్దూలంలో మొదటి అక్షరానికి పదమూడో అక్షరంతో స్వరం కలవాలి. కొందరు అక్కడ ఆగి చదవాలనుకుంటారు. ఈ పద్యం మొదటి పాదంలో పదమూడో అక్షరం, విలోలం అన్న మాట మధ్యలో పడింది. అక్కడ ఆగితే మాట రెండు ముక్కలవుతుంది. తెలుగులో యతి చెవికి ఒక పోలిక మాత్రమే, ఊపిరి తీసుకునే చోటు కాదు. దాన్ని వెతకకపోయినా పద్యం చదవవచ్చు. చెవికి అలవాటయ్యాక అదే వినిపిస్తుంది.

తరువాత మాటలు. తెలియని మాట మనల్ని ఇబ్బంది పెట్టదు, కనిపిస్తుంది కాబట్టి చూసుకుంటాం. తెలిసినట్టు కనిపించే మాటే మోసం చేస్తుంది. ఈ పద్యం మొదట్లో లావు అన్న మాట ఉంది. మనకు లావంటే ఒళ్ళు చేయడం. ఏనుగు తాను లావు లేనంటోందా అని మా స్నేహితురాలు నవ్వింది. అక్కడ లావు అంటే బలం. ఠావు అంటే మనవాళ్ళు అనే జాగాయే. డయ్యడం అంటే అలసిపోవడం. ఇక ఇతఃపరం అంటే ఇంతకంటే వేరొకటి అన్న సంస్కృతపు మాట. మొత్తం పద్యానికి నిజంగా అడిగి తెలుసుకోవలసిన మాటలు నాలుగైదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి మాటా వెతికితే మాత్రం గంటలో విసుగొస్తుంది. అర్థం ఆగిపోయిన చోట మాత్రమే చూడండి.

ఇంత అయ్యాక కాగితం తీసి తాత్పర్యం చదవండి. మీరు అనుకున్నదానికి, దానికి ఎక్కడ తేడా వచ్చిందో అదే నేర్చుకోవలసిన చోటు. ఆ తరువాత పద్యాన్ని గీతల ప్రకారం పైకి చదవండి. అర్థమయిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పుస్తకం మూసి, ఆ పద్యాన్ని మీ ఇంటి మాటల్లో పిల్లలకు చెప్పండి. తాత్పర్యంలోని మాటలే నోటికి వస్తే అది బట్టీ. మీ మాటలు వస్తే అది చదవడం.

అభ్యాసానికి మరొక పద్యం చెబుతాను. మొర విన్న విష్ణువు పరుగెత్తుకు వచ్చే పద్యం, మత్తేభం. ఇందులో క్రియలకు గీతలు గీస్తే తమాషా కనిపిస్తుంది. ఆరు క్రియలూ కాదన్నవే. భార్యకు చెప్పడు, చేతుల్లో శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, వాహనాన్ని సిద్ధం చేయించడు, జారిన జుట్టు సర్దుకోడు, చేతిలో ఉన్న లక్ష్మీదేవి పైటకొంగు కూడా వదలడు. ఏం చేశాడో కాదు, ఏమేమి మరిచాడో చెప్పి తొందర చూపించారు పోతన. ఇంట్లో పిల్లవాడు పడ్డాడని వినగానే చేతిలో గరిట పట్టుకునే వీధిలోకి పరుగెత్తిన తల్లికి ఈ పద్యం వేరే విప్పి చెప్పాలా? ఇందులోనూ ఒక మోసపు మాట ఉంది. చీరడు అని వస్తుంది. చీరకూ దానికీ సంబంధం లేదు. చీరడం అంటే పిలవడం. రెండో సగంలో పొడుగు సమాసాలున్నాయి. వాటికి మాత్రం తాత్పర్యం సాయం మొహమాటం లేకుండా తీసుకోండి.

ఈ పద్ధతికి హద్దు కూడా చెప్పాలి. క్రియలు తొందరగా వచ్చే పద్యాలకే ఇది బాగా పనికి వస్తుంది. అదే కథలో అడవినీ, ఏనుగుల మందనూ వర్ణించే చోట్ల సమాసాలు పొడుగ్గా సాగి, క్రియ ఎక్కడో చివర దొరుకుతుంది. అక్కడ పెన్సిలుకు పని ఉండదు. వాటిని మొదటిసారి దాటేయండి. పది పద్యాలు చదివాక వెనక్కి రండి.

ఇక మన స్నేహితురాలి సంగతి. రెండు నెలలకు ఆమె మళ్ళీ ఆ పాత పుస్తకం పట్టుకుని అత్తగారి పక్కన కూర్చుంది. ఏనుగు మొర మొదలుపెట్టింది. మొదటి పాదం చివర అలవాటు కొద్దీ ఆగబోయింది. పెద్దావిడ కళ్ళు మూసుకునే, "ఏడ ఆపుతున్నవు బిడ్డా? పానం పోతుంటే ఆగుతదా?" అన్నదట. ఆవిడకు అక్షరాలు రావు. యతి తెలియదు, గణాలు తెలియవు. విని విని ఎక్కడ ఆగాలో చెవికే తెలుసు. కోడలు నవ్వుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఆగలేదు. చివరి పాదంలో మూడు పిలుపులూ పెద్దావిడ కూడా గొంతు కలిపిందట. ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టాక ఒక్క పద్యం. ఒక్కటే. పాలు పొయ్యి మీద ఉన్నా, మంట తగ్గించి వస్తున్నానని చెప్పింది.

సెలవు.